బుర్రలో ఉన్న పనుల చిట్టాని వారం ప్లాన్‌గా మార్చడం ఎలా? | ప్రాజెక్ట్ వారీగా, గడువు వారీగా

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే మాట రాశారు: "అన్నా, పనులన్నీ ఫోన్‌లో రాసుకుంటున్నా. ఇరవై లైన్లు అయ్యాయి. కానీ పొద్దున్నే లేచి చూస్తే ఏది ముందు చేయాలో తెలీట్లేదు." నిజమే. రాసుకోవడం సగం పనే. బుర్రలో ఉన్నది బుర్రలో ఉన్న వరుసలోనే నోట్‌లోకి వస్తుంది. గుర్తొచ్చిన వరుస ఒకటి, చేయాల్సిన వరుస ఇంకొకటి. ఈ రోజు ఆ మొదటి వరుసని రెండోదిగా మార్చడం ఎలాగో చూద్దాం. ఊరికే సూత్రాలు చెప్పను. ఒక చిట్టా తీసుకుని, మొదటి లైన్ నుంచి చివరిదాకా మీ ముందే విడదీస్తాను.

మన చిట్టా

తర్లుపాడు మండలంలో ఒక ఊరు అనుకోండి. డిగ్రీ చదివే అమ్మాయి, కాలేజీ మార్కాపురంలో. నాన్నకి మార్కాపురంలో చిన్న పలకల యూనిట్, ఊళ్లో రెండెకరాల కంది. మార్కాపురం పలకలంటే మనకి తెలిసిందే. ఒకప్పుడు బడి పిల్లలు రాసుకునే పలకలు, ఇప్పుడు ఎక్కువగా గోడలకీ నేలకీ వేసే డిజైన్ టైల్స్. ఆ అమ్మాయి 2026 సెప్టెంబర్ 13, ఆదివారం రాత్రి ఫోన్‌లో ఇలా రాసుకుంది:

- ఇన్‌కమ్ సర్టిఫికెట్
- హైదరాబాద్ ఆయనకి రేటు చెప్పాలి
- రికార్డు రాయాలి
- గ్యాస్ బుక్ చేయాలి
- నాన్న ఈ-పంట
- శాంపిల్ పలకలు పంపాలి
- స్కాలర్‌షిప్
- చవితికి పత్రి, పూలు
- లైసెన్స్
- బ్యాంక్‌లో ఆధార్ లింక్
- అమ్మ బీపీ మాత్రలు
- కాలేజీలో బోనఫైడ్
- ఇంగ్లిష్ నేర్చుకోవాలి
- చెక్క పెట్టెలు ఎంతో అడగాలి

పద్నాలుగు లైన్లు. మామూలుగా మనం చేసేదేంటి? వీటిలో తేలికైనవి ఏరి చేసేస్తాం. గ్యాస్ బుక్ అయిపోద్ది, పూలు వచ్చేస్తాయి, రెండు టిక్కులు పడతాయి, హమ్మయ్య అనిపిస్తుంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ మాత్రం పై లైన్‌లోనే కూర్చుని ఉంటుంది.

మొదటి మెట్టు: ఏ లైన్ దేనికి చెందుతుంది?

ఒక్కో లైన్ ముందు ఆగి ఒక్క ప్రశ్న అడగండి: "ఇది అయిపోతే ఏం పూర్తవుతుంది?" గ్యాస్ బుక్ చేస్తే గ్యాస్ వస్తుంది, అంతే, అది ఒంటరి పని. ఇన్‌కమ్ సర్టిఫికెట్ వస్తే? ఏమీ పూర్తవదు. అది స్కాలర్‌షిప్ కోసం. బోనఫైడ్ కూడా దానికోసమే. బ్యాంక్‌లో ఆధార్ లింక్ కూడా, డబ్బు పడేది ఆ ఖాతాలోనే కాబట్టి. అంటే నాలుగు చోట్ల విడివిడిగా ఉన్న నాలుగు లైన్లు ఒకటే ప్రాజెక్ట్. ఒక ఫలితం కోసం ఒకటి కంటే ఎక్కువ అడుగులు ఉంటే దాన్ని ప్రాజెక్ట్ అందాం. ఇంకేమీ పెద్ద అర్థం లేదు.

ఇలా అడుగుతూ పోతే మన చిట్టా ఇలా మారుతుంది:

- స్కాలర్‌షిప్: ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఆధార్ లింక్, బోనఫైడ్, ఆన్‌లైన్ అప్లికేషన్
- పలకల ఆర్డర్: శాంపిల్స్, చెక్క పెట్టెల ధర, రేటు చెప్పడం
- కంది: ఈ-పంట నమోదు
- కాలేజీ: రికార్డు
- ఇల్లు: గ్యాస్, పత్రి-పూలు, మాత్రలు
- ఈ వారం కాదు: లైసెన్స్, ఇంగ్లిష్

ఇప్పుడు పలకల ఆర్డర్ చూడండి. చిట్టాలో "రేటు చెప్పాలి" రెండో లైన్‌లో ఉంది, "పెట్టెలు ఎంతో అడగాలి" పద్నాలుగో లైన్‌లో ఉంది. కానీ పలక పగిలే సరుకు. లారీలో పంపాలంటే చెక్క పెట్టెల్లో సర్దాలి, ఆ ఖర్చు రేటులో కలవాలి. పెట్టె ధర తెలీకుండా రేటు చెప్పేస్తే, ఆ తేడా నాన్న జేబులోంచి పోతుంది. చిట్టాలో చివర ఉన్నది నిజానికి ముందు చేయాల్సింది. ప్రాజెక్ట్ కింద పక్కపక్కన పెట్టేదాకా ఇది కంటికి కనపడదు. ప్రాజెక్ట్ వారీగా సర్దమనేది అందుకే. ఏ పని ఇంకే పని మీద ఆధారపడిందో బయటపడుతుంది.

ఇక ఆ చివరి రెండు. "ఇంగ్లిష్ నేర్చుకోవాలి" అనేది పని కాదు, కోరిక. తప్పులేదు, కానీ ఈ వారం ఏ రోజు, ఎక్కడ కూర్చుని, ఏం చేస్తారో చెప్పలేకపోతే దాన్ని వారంలో పెట్టొద్దు. వేరే నోట్‌లో పెట్టండి. లైసెన్స్ సంగతి వేరు. దానికి ఎల్‌ఎల్‌ఆర్ ఆగస్టు 20న వచ్చింది అనుకుందాం. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే పక్కా లైసెన్స్ టెస్ట్‌కి వెళ్లగలం. ఎల్‌ఎల్‌ఆర్ మాత్రం ఆరు నెలలు చెల్లుతుంది. అంటే ఈ వారం ఎంత తొందరపడ్డా అది అవ్వదు. అది రోజూ కళ్ల ముందు ఉండి బెదిరించడం దేనికి? "సెప్టెంబర్ 21 నుంచి స్లాట్ చూడాలి" అని తేదీ వేసి పక్కన పెట్టేయండి.

రెండో మెట్టు: రెండు తేదీలు, ఒకటి కాదు

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. ప్రతి పనికీ రెండు తేదీలు రాయాలి. ఒకటి గడువు, అంటే ఎప్పటికల్లా అయిపోవాలి. రెండోది మొదలు, అంటే ఎప్పటికల్లా కదపాలి. మనమందరం గడువు ఒక్కటే రాస్తాం. ఇబ్బంది అక్కడే వస్తుంది.

స్కాలర్‌షిప్‌కి చివరి తేదీ సెప్టెంబర్ 30 అనుకుందాం. "ఇంకా పదిహేడు రోజులుంది" అనిపిస్తుంది. ఇప్పుడు వెనక నుంచి లెక్కపెడదాం. చివరి రెండు రోజులు అందరూ ఒకేసారి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ మీద పడతారు, సైట్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి మన గడువు 28. అప్లికేషన్‌లో ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలి. అది మన చేతిలో లేదు. సచివాలయంలో దరఖాస్తు ఇస్తే, వీఆర్వో విచారణ, ఆ పైన తహసీల్దార్ ఆఫీసులో ఆమోదం. మీ దగ్గర ఎన్ని రోజులు పడుతుందో అక్కడే అడగండి. మన లెక్కకి ఏడు పనిదినాలు అనుకుందాం.

మంగళవారం 15న ఇస్తే? ఆదివారం తీసేసి 16 నుంచి లెక్కపెడితే 23కి వస్తుంది. ఎక్కడైనా రెండు మూడు రోజులు ఆలస్యమైనా తట్టుకోగలం. అదే "వచ్చే వారం చూద్దాంలే" అని సోమవారం 21న ఇస్తే? 29కి వస్తుంది. ఒక్కరోజు మిగులు. వీఆర్వో ఒక్కరోజు సెలవు పెట్టారంటే ఈ ఏడాది స్కాలర్‌షిప్ లేనట్టే. గడువు ఇంకా పదిహేడు రోజులు దూరంలో ఉన్న పని, నిజానికి ఈ వారంలో అందరికంటే ముందు కదపాల్సిన పని.

తేడా ఎక్కడుంది? రికార్డు మన చేతిలో పని. రాత్రి మేలుకుంటే అయిపోతుంది. సర్టిఫికెట్ ఇంకొకరి చేతిలో పని. మనం ఎంత మేలుకున్నా వేగం పెరగదు. కాబట్టి వేరేవాళ్ల కోసం ఎదురుచూడాల్సినవి ఎప్పుడూ ముందు కదపాలి, వాటి గడువు దూరంగా ఉన్నా సరే.

ఇదే లెక్క ఈ-పంటకి. నమోదు గడువు నెలాఖరు అనుకుందాం. ఇది నాన్న ఒక్కడే వెళ్లి చేసుకొచ్చేది కాదు. వ్యవసాయ సహాయకులు పొలానికి వచ్చి ఫోటో తీయాలి, తర్వాత నాన్న ఈ-కేవైసీ ఇవ్వాలి. గడువు దగ్గరపడే కొద్దీ ఊరంతా వాళ్లనే పిలుస్తారు. మన పడమటి ప్రాంతం సంగతి తెలుసుగా, వాన ఎప్పుడు ముఖం చాటేస్తుందో చెప్పలేం. పంట పోతే పరిహారం, బీమా, పండితే మద్దతు ధరకి అమ్మకం, అన్నీ ఈ-పంటలో పేరుంటేనే. కాబట్టి గడువు 30, మొదలు మాత్రం 15.

ఇంకోటి, ఎవరూ చెప్పని గడువులు ఉంటాయి. అమ్మ మాత్రలు. స్ట్రిప్‌లో నాలుగు మిగిలాయి, రోజుకొకటి. సోమ, మంగళ, బుధ, గురు. శుక్రవారం పొద్దునకి లేవు. అంటే గడువు గురువారం రాత్రి. ఏ మెసేజూ రాదు, స్ట్రిప్ చూసి మనమే లెక్కపెట్టుకోవాలి.

మూడో మెట్టు: షీట్‌లో పెట్టడం

పద్నాలుగు లైన్లయితే కాగితం చాలు. ప్రతి వారం చేస్తామంటే ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరవండి. ఐదు నిలువు వరుసలు: ప్రాజెక్ట్, పని, మొదలు, గడువు, ఎక్కడ. మొదటి అడ్డు వరుసలో ఈ పేర్లు, రెండో వరుస నుంచి పనులు. ఎలా గుర్తొస్తే అలా, వరుస చూసుకోకుండా ఎక్కించేయండి. కింద ఇంకో షీట్ తెరిచి, మొదటి గడిలో ఇది టైప్ చేయండి:

```
=SORT(Sheet1!A2:E40, 1, TRUE, 3, TRUE)
```

దీని అర్థం: ముందు ప్రాజెక్ట్ పేరు ప్రకారం గుంపు కట్టు, ఒక్కో గుంపులో మొదలు తేదీ ప్రకారం పేర్చు. తేదీ ఒక్కటే కావాలంటే `1, TRUE,` తీసేయండి. వారం మొత్తం ఒకే వరుసలో వస్తుంది. మొదటి షీట్‌లో ఏది మార్చినా రెండో దాంట్లో అదే సర్దుకుంటుంది.

ఇక్కడ చాలామంది చిక్కుకునేది తేదీల దగ్గరే. 12/9 అని కొడితే కొన్ని ఫోన్లలో అది డిసెంబర్ 9 అవుతుంది. అందుకని `2026-09-15` లాగా సంవత్సరం ముందు పెట్టి కొట్టండి. తేదీ సరిగ్గా పడిందో లేదో గుర్తు ఒకటుంది: గడిలో కుడివైపుకి ఆనుకుంటే అది తేదీ. ఎడమవైపుకి ఆనుకుంటే షీట్ దాన్ని మామూలు అక్షరాలుగా తీసుకుంది, వరుస తప్పుతుంది. రెండో షీట్‌లో తేదీ బదులు 46280 లాంటి అంకె కనపడితే కంగారొద్దు. ఆ వరుసని పట్టుకుని ఫార్మాట్‌లో తేదీ ఎంచుకోండి.

నాలుగో మెట్టు: వారంలో చోటు ఎంతుంది?

ఇప్పటిదాకా పనుల లెక్క. ఇప్పుడు టైమ్ లెక్క. ఈ అమ్మాయికి సోమవారం వినాయక చవితి, ఆఫీసులుండవు. మంగళవారం నుంచి శనివారం దాకా కాలేజీ. సాయంత్రం ఇంటికొచ్చాక రోజుకి రెండు గంటలు. అంటే ఉన్నది పండగతో కలిపి పన్నెండు గంటలు, ఆదివారం కాస్త.

కానీ గంటలన్నీ ఒకటి కాదు. సచివాలయం, బ్యాంక్, కాలేజీ ఆఫీసు రాత్రి ఎనిమిదింటికి ఉండవు. అవి పగటి పనులు, రికార్డు రాత్రి పని. పగటి టైమ్ మనకి తక్కువ, కాబట్టి ముందు పగటి పనులకి చోటు చూసి, మిగిలినవి తర్వాత సర్దాలి. అందుకే షీట్‌లో "ఎక్కడ" అనే వరుస పెట్టాం. ఊళ్లో, మార్కాపురంలో, ఫోన్‌లో. ఒక చోటికి వెళ్లినప్పుడు అక్కడి పనులన్నీ ఒక్కసారే తెముల్తాయి.

ఒక పగటి పని తప్పించుకునే వీలు కూడా ఉంది. ఆధార్ లింక్ కోసం బ్యాంక్‌కి పరుగెత్తే ముందు, `myaadhaar.uidai.gov.in` లో ఓటీపీతో లాగిన్ అయ్యి `Bank Seeding Status` చూడండి. మీ ఆధార్ ఏ బ్యాంక్‌కి జోడై ఉందో అక్కడే కనపడుతుంది. సరిగ్గా ఉంటే ఒక ట్రిప్ మిగిలినట్టే. పాత ఖాతా ఏదైనా కనపడితే, వెళ్లాల్సింది ఏ బ్యాంక్‌కో తెలిసినట్టే.

రికార్డులో ఇంకా ఆరు ప్రయోగాలు రాయాలి, ఒక్కోదానికి గంట. ఇవ్వాల్సింది శనివారం. శాంపిల్స్ హైదరాబాద్‌కి సోమవారం 21కల్లా చేరాలి. ఇక వారం ఇలా వస్తుంది:

- ఆదివారం 13, ఇప్పుడే: గ్యాస్ బుకింగ్, పత్రి-పూలు. వీటికి ప్లాన్ అక్కర్లేదు, చేసేసి కొట్టేయండి.
- సోమవారం 14: పండగ. రాత్రి ఫోన్‌లో బ్యాంక్ స్టేటస్ చూడటం. రికార్డు రెండు ప్రయోగాలు.
- మంగళవారం 15: కాలేజీకి కాస్త ఆలస్యంగా. పొద్దున సచివాలయంలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ దరఖాస్తు, రసీదు ఫోటో. ఊళ్లోనే రైతు సేవా కేంద్రంలో ఈ-పంటకి పొలానికి ఎప్పుడొస్తారో అడగడం. శాంపిల్స్ కోయించమని నాన్నకి చెప్పడం. రాత్రి రెండు ప్రయోగాలు.
- బుధవారం 16: మధ్యాహ్నం బోనఫైడ్‌కి అర్జీ. కాలేజీ అయ్యాక యూనిట్ దగ్గర శాంపిల్స్ చూడటం, పెట్టెల ధర కనుక్కోవడం. దారిలో మాత్రలు.
- గురువారం 17: అవసరమైతే మధ్యాహ్నం బ్యాంక్. రాత్రి చివరి రెండు ప్రయోగాలు.
- శుక్రవారం 18: శాంపిల్స్ ఆర్టీసీ కార్గోలో వేయడం, అదే రోజు రేటు మెసేజ్. రాత్రి ఖాళీ.
- శనివారం 19: రికార్డు ఇవ్వడం. ఈ-పంట కబురు రాకపోతే మళ్లీ అడగడం.
- ఆదివారం 20: కొత్త చిట్టా.

శుక్రవారం రాత్రి ఖాళీ అన్నాను చూశారా? మర్చిపోయి వదల్లేదు. మంగళవారం కరెంట్ పోవచ్చు, గురువారం చుట్టాలు రావచ్చు. రికార్డు పడిపోతే ఎక్కడికి జరపాలి? ఆ ఖాళీలోకి. ప్రతి రాత్రీ నింపేసిన ప్లాన్ ఒక్కరోజు తప్పితే మొత్తం కూలిపోతుంది.

ఎక్కడ చెడుతుంది?

ఎక్కువగా చెడేది "ఇచ్చేశాను" దగ్గర. మంగళవారం దరఖాస్తు ఇవ్వగానే ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి టిక్ పెట్టేస్తాం. కానీ ఇచ్చింది దరఖాస్తు, వచ్చింది రసీదు మాత్రమే. ఆ లైన్‌ని కొట్టేయకుండా, పేరు మార్చండి: "ఇన్‌కమ్ సర్టిఫికెట్ – సచివాలయం దగ్గర ఉంది – 23న చూడాలి." ఎవరి దగ్గర ఆగింది, మళ్లీ ఎప్పుడు అడగాలి, ఈ రెండూ ఉండాలి. స్కాలర్‌షిప్ కూడా అంతే. మనం సబ్మిట్ కొట్టాక కాలేజీవాళ్లు ఆన్‌లైన్‌లో వెరిఫై చేయాలి. అది జరిగేదాకా ఆ ప్రాజెక్ట్ బతికే ఉన్నట్టు లెక్క.

రెండోది, బుధవారం రాత్రి ఐదు నిమిషాలు షీట్ చూడండి. ఒకసారి జరిపిన పని ఫర్వాలేదు. రెండోసారి జరపాల్సి వచ్చిందంటే బద్ధకం అని తిట్టుకోవద్దు, ఆ లైన్‌నే అనుమానించండి. ముందు జరగాల్సిన ఇంకో అడుగు దాని వెనక దాక్కుని ఉంటుంది. "రేటు చెప్పాలి" రెండుసార్లు వాయిదా పడిందంటే, పెట్టె ధర తెలీక ఆగిందని అర్థం. ఆ దాక్కున్న అడుగుని బయటకి తీసి పైన రాస్తే ఆ పని కదులుతుంది.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ పద్ధతి మీ టైమ్‌ని పెంచదు. అన్నీ రాశాక పన్నెండు గంటల చోట్లో ఇరవై గంటల పని కనపడితే, ఏదో ఒకటి వచ్చే వారానికి పోవాలి, లేదా ఇంట్లో ఇంకొకరు పట్టుకోవాలి. మాత్రలు తమ్ముడు తేవచ్చు. ఆ మాట ఆదివారమే తెలిస్తే అడగగలం. శుక్రవారం తెలిస్తే గొడవే మిగులుతుంది.

సరే, ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న చిట్టా తీయండి. వేరేవాళ్ల చేతిలో ఉన్న పనులు మాత్రం ముందు ఏరండి. వాటి పక్కన గడువు కాకుండా మొదలు తేదీ వేయండి. రెండు మూడు లైన్లకి ఆ తేదీ రేపే అని తేలొచ్చు. ఎక్కడైనా ఆగిపోతే ఆ లైన్‌ని కింద కామెంట్‌లో రాయండి, దాన్ని ఎలా విడదీయాలో కలిసి చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.